వడ్డీ రేటు సరిగ్గానే ఉన్నా ఖర్చుగా ఎందుకు ఒప్పుకోరు: 94బి లెక్క

ప్రశ్న: మా కంపెనీలో వంద శాతం వాటా విదేశీ పేరెంట్ కంపెనీదే. వాళ్ల దగ్గర లోన్ తీసుకున్నాం. వడ్డీ మార్కెట్ రేటే, ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ రిపోర్టు కూడా ఉంది. అయినా ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 94బి కింద కొంత వడ్డీ పోతుందని మా ఆడిటర్ అంటున్నారు. పైగా పేరెంట్ గ్యారంటీ మీద సింగపూర్ బ్యాంకు ఇచ్చిన లోన్ వడ్డీని కూడా ఆ లెక్కలో కలిపేస్తున్నారు. ఇది సరైనదేనా?

సమాధానం:

సరైనదేనండి, రెండు విషయాల్లోనూ. 94బి చూసేది వడ్డీ రేటును కాదు, మీ లాభంతో పోలిస్తే వడ్డీ మొత్తం ఎంత ఉందన్నది. రేటు ఎంత న్యాయంగా ఉన్నా ఈ కోత తప్పదు. గ్యారంటీ ఉన్న బ్యాంకు లోన్‌ను పేరెంట్ ఇచ్చిన లోన్‌గానే భావించాలని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. కాకపోతే ఇలా ఆగిపోయిన వడ్డీ శాశ్వతంగా పోదు, తర్వాతి 8 అసెస్‌మెంట్ సంవత్సరాల్లో వాడుకోవచ్చు. ఎంత ఆగుతుంది, ఎంత తిరిగొస్తుంది అనేది మీ ఎబిట్డా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు ఉన్న లాభం మీద, ఏ లోన్ ఎటు చేరుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ రిపోర్టు చేతిలో ఉంటే నిశ్చింతగా ఉండొచ్చని చాలామంది అనుకుంటారు. ఆ రిపోర్టు జవాబిచ్చేది ఒక్క ప్రశ్నకే: సంబంధం లేని వాడైతే ఈ లోన్‌కు ఇంత వడ్డీ అడుగుతాడా? పేరెంట్ పెట్టిన వంద రూపాయల్లో తొంభై లోన్‌గా, పది షేర్ క్యాపిటల్‌గా ఎందుకు పెట్టారన్నది దాని పరిధి కాదు. పన్ను మాత్రం అక్కడే తేడా కొడుతుంది. షేర్ల మీద డివిడెండ్ ఇస్తే అది పన్ను కట్టాక మిగిలిన లాభంలోంచి పోతుంది. లోన్ మీద వడ్డీ ఇస్తే అది పన్నుకు ముందే ఖర్చుగా తగ్గుతుంది. అందుకే మూలధనం పలచగా పెట్టి అప్పు చిక్కగా పెట్టే అలవాటు గ్రూపు కంపెనీల్లో పెరిగింది. సంపన్న దేశాల వేదిక ఓఈసీడీ 2015లో, బహుళజాతి కంపెనీలు పన్ను తప్పించే మార్గాల మీద తెచ్చిన బెప్స్ యాక్షన్ 4 రిపోర్టులో దీనికి పరిష్కారంగా వడ్డీని ఎబిట్డాలో 10 నుంచి 30 శాతం మధ్య ఏదో ఒక పరిమితికి కట్టేయమంది. మన ప్రభుత్వం పై గీత, అంటే 30 శాతం ఎంచుకుని 2017 ఫైనాన్స్ చట్టంతో 94బి తెచ్చింది. 2018-19 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అది అమల్లో ఉంది. 2026 ఏప్రిల్ 1న కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కానీ, మనవాళ్లు ఇంకా 94బి అనే అంటున్నారు కాబట్టి నేనూ అదే వాడుతున్నాను.

కెనడాలో ఎప్పటి నుంచో ఉన్న ఇలాంటి నిబంధన బ్యాలెన్స్ షీట్ చూస్తుంది: మూలధనానికి ఒకటిన్నర రెట్లు దాటిన గ్రూపు అప్పు మీద వడ్డీని ఒప్పుకోదు. మనది లాభనష్టాల ఖాతా చూస్తుంది. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది, అది ముందే తెలిసి ఉండాలి. వ్యాపారం దెబ్బతిన్న ఏడాది మీ ఎబిట్డా తగ్గుతుంది, దాంతో పరిమితి కూడా తగ్గుతుంది, వడ్డీ మాత్రం అంతే ఉంటుంది. అంటే డబ్బుకు కటకటగా ఉన్న ఏడాదే ఎక్కువ వడ్డీ ఆగిపోతుంది.

ఇక అసలు లెక్క. నా దగ్గరికి వచ్చిన ఒక తయారీ కంపెనీది చెబుతాను. అంకెలు గుండ్రం చేశాను, పరిస్థితి మాత్రం దాదాపు మీదే.

ఆ ఏడాది వాళ్ల మొత్తం వడ్డీ 15 కోట్లు. అందులో పేరెంట్ లోన్ మీద 6 కోట్లు, పేరెంట్ గ్యారంటీతో విదేశీ బ్యాంకు ఇచ్చిన లోన్ మీద 5 కోట్లు, ఫ్యాక్టరీ తనఖా మీద ఇక్కడి బ్యాంకు ఇచ్చిన లోన్ మీద 4 కోట్లు. తరుగుదల 6 కోట్లు. ఇవన్నీ పోగా పుస్తకాల్లో 1 కోటి నష్టం. నష్టం 1 కోటికి వడ్డీ 15, తరుగుదల 6 తిరిగి కలిపితే ఎబిట్డా 20 కోట్లు. అందులో 30 శాతం 6 కోట్లు.

సెక్షన్ అదనపు వడ్డీని ఇలా లెక్క కట్టమంటుంది: మొత్తం వడ్డీ 30 శాతం పరిమితిని ఎంత దాటిందో ఒకటి, గ్రూపు కంపెనీలకు చెల్లించిన వడ్డీ ఎంతో ఒకటి, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది ఆగిపోతుంది. మొదటిది 15 లోంచి 6 తీస్తే 9 కోట్లు. రెండోది పేరెంట్ 6, గ్యారంటీ లోన్ 5 కలిపి 11 కోట్లు. తక్కువది 9. కాబట్టి 9 కోట్ల వడ్డీని ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు.

ఫలితం చూడండి. పుస్తకాల్లో కోటి నష్టం ఉన్న కంపెనీకి పన్ను లెక్కలో 8 కోట్ల ఆదాయం తేలింది (పుస్తకాల తరుగుదల, పన్ను తరుగుదల ఒకటే అనుకుంటే). కంపెనీలు ఎంచుకునే తక్కువ పన్ను రేటు సెక్షన్ 115బీఏఏ కింద 25.168 శాతం చొప్పున దాదాపు 2 కోట్ల 1 లక్ష పన్ను. ఆ కంపెనీ ఫైనాన్స్ హెడ్ ఈ కాగితం చూసి, నష్టపోయిన ఏడాది అడ్వాన్స్ ట్యాక్స్ ఎందుకు కట్టలేదని వడ్డీ కూడా వేస్తారా అని అడిగారు. వేస్తారు.

ఇక్కడ ఒక వివాదం ఉంది, మీ ఆడిటర్ దాన్ని ఎటు చదువుతున్నారో అడగండి. 2017 ఫైనాన్స్ బిల్లుతో వచ్చిన మెమోరాండంలో ఇదే నిబంధనను మరోలా వివరించారు: గ్రూపు కంపెనీలకు కట్టే వడ్డీని ఎబిట్డాలో 30 శాతానికి పరిమితం చేస్తున్నామని. అలా చదివితే పై కంపెనీలో 11 కోట్ల గ్రూపు వడ్డీలో 6 కోట్లు ఒప్పుకుని 5 కోట్లే ఆపాలి. సెక్షన్ మాటల ప్రకారం 9, మెమోరాండం మాటల ప్రకారం 5. నేను సెక్షన్ మాటలవైపే ఉంటాను. దానిలో మొదటి భాగంలో "మొత్తం వడ్డీ" అని ఊరుకుని, రెండో భాగంలో మాత్రమే గ్రూపు కంపెనీల వడ్డీ అని విడిగా అన్నారు. ఒకే వాక్యంలో రెండు మాటలు వాడినప్పుడు రెండింటికీ ఒకే అర్థం చెప్పడం కష్టం. రెండో పద్ధతిలో రిటర్ను వేయదలిస్తే దానికి కారణాలు రాసి పెట్టుకుని, తేడా పన్ను కోసం డబ్బు పక్కన ఉంచుకుని వేయండి.

గ్యారంటీ విషయం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అప్పిచ్చింది బయటివాడే అయినా, గ్రూపు కంపెనీ అతనికి గ్యారంటీ ఇస్తే, లేదా అప్పుకు సరిపడా డబ్బు అతని దగ్గర డిపాజిట్ పెడితే, ఆ అప్పు గ్రూపు కంపెనీ ఇచ్చినట్టే భావిస్తారు. గ్యారంటీ అంటే స్టాంపు పేపరు మీద రాసిందే కానక్కర్లేదు, "సూచనగా ఉన్నా" చాలని సెక్షన్ అంటుంది. సూచనగా ఉండడమంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. పేరెంట్ కంపెనీలు ఇచ్చే కంఫర్ట్ లెటర్లు సరిగ్గా ఆ సందులో పడతాయి. నేను చూసిన ఒక ఫైల్లో గ్యారంటీ ఒప్పందం లేదు, మేనేజ్‌మెంట్ కూడా లేదనే చెప్పింది. బ్యాంకు శాంక్షన్ లెటర్ తెప్పించి చదివితే, అనుబంధ సంస్థ తన బాకీలు తీర్చేలా నిధులు సమకూరుస్తామని పేరెంట్ రాసిచ్చిన లేఖ షరతుల జాబితాలో ఏడో వరసలో ఉంది. అది గ్యారంటీ కాదని వాదించే అవకాశం ఉంది. కానీ లేదని చెప్పి, తర్వాత అధికారి బయటకు తీస్తే వాదించే అవకాశం కూడా పోతుంది.

కాబట్టి మీ మాట మీదో, పేరెంట్ ట్రెజరీ వాళ్ల ఈమెయిల్ మీదో ఆధారపడకండి. శాంక్షన్ లెటర్‌లో సెక్యూరిటీ భాగం చదవండి. పేరెంట్ వార్షిక నివేదికలో కంటింజెంట్ లయబిలిటీల నోట్ చూడండి, అనుబంధ సంస్థల కోసం ఇచ్చిన గ్యారంటీలు అక్కడ కనిపించవచ్చు. మీ పుస్తకాల్లో గ్యారంటీ కమీషన్ పేరుతో పేరెంట్‌కు ఏదైనా చెల్లింపు ఉంటే ఇక వెతకాల్సిన పని లేదు.

మీకు ఒక చిన్న ఆశ ఉంది, తేల్చుకోండి. విదేశీ బ్యాంకుకు భారతదేశంలో ఉన్న బ్రాంచి (చట్టం భాషలో ఇక్కడి శాశ్వత సంస్థ) లోన్ ఇస్తే, పేరెంట్ గ్యారంటీ ఉన్నా ఆ వడ్డీకి 94బి వర్తించదు. 2020 ఫైనాన్స్ చట్టం ఈ మినహాయింపు ఇచ్చింది, 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమలు. మీరు సింగపూర్ బ్యాంకు అన్నారు. లోన్ ఒప్పందంలో రుణదాతగా సంతకం పెట్టింది సింగపూర్ ఆఫీసా, ముంబైలో ఉన్న బ్రాంచా చూడండి. సింగపూర్ ఆఫీసే అయితే మినహాయింపు లేదు. భారతీయ బ్యాంకు విదేశీ పేరెంట్ గ్యారంటీ మీద లోన్ ఇచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఇంకా తేలని ప్రశ్న. ఆ నిబంధన "గ్రూపు కంపెనీ ఇచ్చినట్టు" భావించమంది కానీ "నాన్-రెసిడెంట్ ఇచ్చినట్టు" అనలేదు కాబట్టి వర్తించదని వాదన. నేను దాన్ని గట్టి వాదనగానే చూస్తాను, అయినా లెక్క వేసేటప్పుడు రెండు విధాలుగానూ వేసి క్లయింటుకు చూపిస్తాను.

ఇంకో మాట, కోటి రూపాయల హద్దు గురించి. నాన్-రెసిడెంట్ గ్రూపు కంపెనీలకు కట్టే వడ్డీ కోటి దాటకపోతే ఈ సెక్షన్ మీ జోలికి రాదు. దాటితే, దాటిన ముక్కకే కాదు, మొత్తానికీ లెక్క కట్టాలి. 99 లక్షల దగ్గర ఉన్న కంపెనీకీ, కోటీ ఒక లక్ష దగ్గర ఉన్న కంపెనీకీ మధ్య ఉన్నది గోడ, వాలు కాదు. తప్పనిసరిగా షేర్లుగా మారే డిబెంచర్ల, అంటే సీసీడీల మీద వడ్డీ ఇందులోకి రాదనుకునేవాళ్లూ ఉన్నారు. అప్పు నిర్వచనంలో లోన్లు, ఫైనాన్షియల్ ఇన్‌స్ట్రుమెంట్లు, ఫైనాన్స్ లీజులు, డెరివేటివ్‌లు, వడ్డీ లేదా డిస్కౌంటు పుట్టించే ఏ ఏర్పాటైనా ఉన్నాయి. షేర్లుగా మారేదాకా సీసీడీ అప్పే.

ఎబిట్డా ఎలా కట్టాలి? చట్టం ఈ మాట వాడింది కానీ పద్ధతి చెప్పలేదు. పుస్తకాల లాభం నుంచి మొదలుపెట్టాలా, పన్ను లెక్క ప్రకారం తేలిన ఆదాయం నుంచా? నేను ఆడిట్ అయిన లాభనష్టాల ఖాతా నుంచే మొదలుపెడతాను, ఎవరు అడిగినా ఆ అంకె వెంటనే చూపించగలం కాబట్టి. అయితే లీజుల అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 116 కింద ఆఫీసు, గోడౌన్ అద్దెలు లీజులుగా మారిన కంపెనీల్లో జాగ్రత్త పడాలి. అద్దె ఖర్చు మాయమై తరుగుదలగా, వడ్డీగా విడిపోతుంది, దాంతో ఎబిట్డా ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన ఎబిట్డా తీసుకుని 30 శాతం కడుతూ, లీజు వడ్డీని మాత్రం మొత్తం వడ్డీలోంచి వదిలేస్తే లెక్క ఒక పక్కకు ఒరుగుతుంది. రెండూ కలపండి, లేదా రెండూ తీసేయండి, ఏటా అదే పద్ధతి పాటించండి. స్థలం అమ్మిన లాభం లాంటివి ఒక్క ఏడాది ఎబిట్డాను పెంచితే, దాన్ని కలిపిన లెక్కా కలపని లెక్కా రెండూ ఫైల్లో ఉంచండి.

ఇక ఆగిపోయిన 9 కోట్లు. ఆ తయారీ కంపెనీకి మరుసటి ఏడాది ఎబిట్డా 60 కోట్లకు పెరిగింది, వడ్డీ అదే 15. పరిమితి 18 కోట్లు. ఆ ఏడాది వడ్డీ 15 పోగా 3 కోట్ల చోటు మిగిలింది, పాత 9 లోంచి 3 వాడుకున్నారు. మిగిలిన 6 కోట్లు అలాగే ముందుకెళ్లాయి. చోటు మిగిలిన ఏడాది దాన్ని దాచుకోవడం మాత్రం కుదరదు. ఆగిన వడ్డీ ముందుకు వెళుతుంది, వాడని పరిమితి ఆ ఏడాదితోనే పోతుంది. ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్‌తో దీనికున్న పెద్ద తేడా ఇక్కడే. రేటు ఎక్కువని ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ అధికారి కోసిన వడ్డీ శాశ్వతంగా పోతుంది, దానికి క్యారీ ఫార్వర్డ్ లేదు. ముందు ఆ కోత, తర్వాత మిగిలిన వడ్డీకే 94బి. ఈ వరుస తారుమారు చేసి, ఎప్పటికీ ఒప్పుకోని వడ్డీని కూడా క్యారీ ఫార్వర్డ్‌లో చూపించిన రిటర్న్‌లను నేను సరిదిద్దాను.

టీడీఎస్ సంగతి కూడా చెప్పాలి. ఖర్చుగా ఒప్పుకోకపోయినా అది వడ్డీగానే ఉంటుంది, డివిడెండ్‌గా మారదు. పేరెంట్‌కు కట్టే మొత్తం వడ్డీ మీద టీడీఎస్ కోయాల్సిందే. అక్కడ పేరెంట్‌కు ఆ వడ్డీ మొత్తం ఆదాయమే, ఇక్కడ మీకు అందులో కొంత ఖర్చు కాదు.

మరి ఏం చేయొచ్చు? సాధారణంగా వినిపించే సలహా పేరెంట్ లోన్‌లో కొంత షేర్లుగా మార్చమని. పై అంకెల మీద వేసి చూడండి. ఏడాది మొదటే సగం లోన్ షేర్లుగా మారిస్తే పేరెంట్ వడ్డీ 3 కోట్లకు తగ్గుతుంది, మొత్తం వడ్డీ 12. పుస్తకాల్లో 2 కోట్ల లాభం వస్తుంది, ఎబిట్డా అదే 20. పరిమితిని దాటింది 6 కోట్లు, గ్రూపు వడ్డీ 8 కోట్లు, ఆగేది 6. పన్ను ఆదాయం 2కి 6 కలిపి మళ్లీ 8 కోట్లే. పన్ను ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. ఆదా అయింది 3 కోట్ల మీద టీడీఎస్, పోయింది 3 కోట్ల క్యారీ ఫార్వర్డ్. వచ్చే 8 ఏళ్లలో ఆ క్యారీ ఫార్వర్డ్ వాడుకునేంత లాభం కనిపించకపోతేనే ఈ మార్పిడికి అర్థం ఉంది.

గ్యారంటీ తీసేయడం దీనికి భిన్నంగా పనిచేస్తుంది. అప్పుడు గ్రూపు వడ్డీ 11 నుంచి 6కు పడిపోతుంది, తక్కువది ఇప్పుడు ఈ 6, కాబట్టి ఆగేది 9 కాదు 6 కోట్లే. కానీ బ్యాంకు ఊరికే గ్యారంటీ వదలదు, రేటు పెంచుతుంది. ఆ వడ్డీ 5 నుంచి 6 కోట్లు అయిందనుకోండి. నష్టం 2 కోట్లు, ఆగేది 6, పన్ను ఆదాయం 4 కోట్లు. పన్ను 2 కోట్ల 1 లక్ష నుంచి దాదాపు కోటికి దిగింది. అంటే కోటి పన్ను తగ్గించుకోవడానికి బ్యాంకుకు కోటి ఎక్కువ కట్టారు, పైగా క్యారీ ఫార్వర్డ్ 9 నుంచి 6కు పడింది. రేటు పెంపు దీనికంటే బాగా తక్కువైతేనే గ్యారంటీ వదులుకోవడం లాభం. మా క్లయింటు బ్యాంకు అడిగిన రేటు విని గ్యారంటీని అలాగే ఉంచుకున్నారు.

ఈ లెక్క మార్చి 31 తర్వాత వేస్తే తెలుసుకోవడానికే పనికొస్తుంది. డిసెంబరు ముగియగానే, మూడో త్రైమాసికం అంకెలతో వేయండి, అడ్వాన్స్ ట్యాక్స్ చివరి వాయిదాకు ఇంకా సమయం ఉంటుంది. పాత చట్టం కింద ట్యాక్స్ ఆడిట్ రిపోర్టు ఫారం 3సీడీలో క్లాజ్ 30బి మీ వడ్డీ, ఎబిట్డా, అందులో 30 శాతాన్ని దాటిన మొత్తం, ముందు ఏళ్ల నుంచి వచ్చింది, ముందుకు వెళ్లేది, అన్నీ విడివిడిగా అడుగుతుంది. రిటర్న్‌లో చూపించిన క్యారీ ఫార్వర్డ్ ఈ క్లాజ్‌లోని అంకెతో సరిపోయిందో లేదో సంతకానికి ముందు మీ ఆడిటర్‌తో కూర్చుని చూసుకోండి.